చీటీలోని సరుకును బిల్లుగా మార్చే ఉచిత టెంప్లేట్: కావలి షాపు బిల్లుతో పరీక్ష

నమస్తే అండీ. ఈ రోజు రివ్యూ చేసేది ఫోను కాదు, మిక్సీ కాదు. స్ప్రెడ్‌షీట్‌లో వాడే ఒక ఉచిత ఇన్వాయిస్ టెంప్లేట్. పేరు చెప్పను, ఎందుకంటే ఇలాంటివి పదిహేను చూశాను, అన్నీ ఒకే అచ్చు. కావలిలో పైపులు, డ్రిప్ సామాను అమ్మే ఒకన్న దీన్నే వాడుతున్నాడు. ఆయన వాట్సాప్‌లో పంపిన ఒక బిల్లుతోనే దీన్ని పరీక్షిద్దాం.

ముందు చీటీ చూపిస్తాను, దగ్గరగా చూడండి. పొదలకూరు దగ్గర నిమ్మతోటకి డ్రిప్ వేసే కాంట్రాక్టర్ తీసుకెళ్లిన సరుకు ఇది. పైన "లేటరల్ 4, 8.40" అని ఉంది. కింద "2 అంగుళాల పైపు 18, 590". దాని కింద "సొల్యూషన్ 5, 150 + ట్యాక్స్". పక్కన మార్జిన్‌లో అడ్డంగా "పైపు ఇంకో 12". అన్నిటికంటే కింద, బాణం గుర్తు వేసి, "పైపుల్లో 500 తగ్గింపు". షాపులో ముగ్గురు మనుషులు రాసినట్టుంది కదా? ఒకరే రాశారంట, మధ్యలో రెండుసార్లు ఫోన్ వచ్చింది.

అన్న ఈ చీటీని టెంప్లేట్‌లో ఎక్కిస్తే 41,095 రూపాయలు వచ్చింది. కాంట్రాక్టర్ ఒప్పుకోలేదు. ఎక్కడ పోయిందో చూద్దాం.

మొదటి వరుసలోనే గొడవ మొదలవుతుంది. లేటరల్ 4 అంటే నాలుగు చుట్టలు. 8.40 అంటే మీటరు ధర. క్వాంటిటీ ఒక కొలతలో, రేటు ఇంకో కొలతలో ఉన్నాయి. రెండూ గుణిస్తే 33 రూపాయల 60 పైసలు వస్తుంది. అన్నకి అది తప్పని వెంటనే తెలిసింది, కాబట్టి చుట్ట 500 మీటర్లు అని లెక్కేసి ఆ గడిలో 2000 వేశాడు. బాగుంది. కానీ యూనిట్ గడిలో "చుట్ట" అనే ఉంచేశాడు. బిల్లు చదివినవాడికి 2000 చుట్టలు కనిపిస్తాయి! అందుకే నేను చెప్పేది: ఏ కొలతకి రేటు చెప్పామో అదే యూనిట్, అదే కొలతలో క్వాంటిటీ. చుట్టల లెక్క కావాలంటే వస్తువు పేరులో "500 మీ. చుట్టలు 4" అని రాసుకోండి. క్వాంటిటీ గడిలో మాత్రం వట్టి అంకె ఉండాలి. అక్కడ "4 చుట్టలు" అని టైప్ చేస్తే గుణకారం దగ్గర #VALUE! అని వచ్చి కూర్చుంటుంది.

పైపులు రెండు చోట్ల ఉన్నాయి, 18, 12. రేటు ఒకటే, సైజు ఒకటే కాబట్టి కలిపి ఒక్క వరుసలో 30. సైజు గానీ రేటు గానీ వేరైతే కలపొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. లేటరల్ 8.40, పైపు 590, రెండూ ట్యాక్స్ కలిపి చెప్పిన ధరలు. సొల్యూషన్ 150 మాత్రం ట్యాక్స్ విడిగా. కౌంటర్లో మనం మాట్లాడే పద్ధతే అది, తప్పేం లేదు. కానీ బిల్లులో రేటు కాలమ్ మొత్తం ఒకే రకంగా ఉండాలి, ట్యాక్స్ లేని రేటే వేయాలి. పైపు మీద 18 శాతం కాబట్టి 590ని 1.18తో భాగిస్తే 500. లేటరల్ మీద 5 శాతం కాబట్టి 8.40ని 1.05తో భాగిస్తే 8 రూపాయలు. చాలామంది 590లోంచి 18 శాతం తీసేస్తారు, అప్పుడు 483.80 వస్తుంది. అది తప్పు. తీయడం కాదు, భాగించాలి.

ఇక్కడే టెంప్లేట్ పరువు పోయింది. దీంట్లో ట్యాక్స్ గడి ఒక్కటే, అదీ అడుగున. మొత్తం మీద 18 వేసేస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి డ్రిప్ లేటరల్స్ 12 నుంచి 5 శాతానికి వచ్చాయి. వట్టి పీవీసీ పైపు 18లోనే ఉంది. రెండు రేట్ల సరుకుకి ఒకే ట్యాక్స్ గడి ఎలా సరిపోతుంది? పైగా డ్రాప్‌డౌన్ తెరిస్తే 12, 28 ఇంకా దర్జాగా కూర్చున్నాయి. మీ దగ్గరున్న టెంప్లేట్ పాతదో కాదో తెలుసుకోవడానికి అదొక్కటి తెరిచి చూస్తే చాలు. ఏ వస్తువుకి ఎంత శాతమో అనుమానం వస్తే, మీకు సరుకు వేసిన డీలర్ బిల్లులో హెచ్‌ఎస్‌ఎన్ నంబరు, శాతం చూడండి. ఇక్కడ లేటరల్ 8424, పైపు 3917.

తగ్గింపు 500ని టెంప్లేట్ ఎక్కడ తీసింది? ట్యాక్స్ వేశాక, చివర్లో. బిల్లు రాసేటప్పుడే ఇచ్చే తగ్గింపు, ట్యాక్స్ వేయకముందు ఆ వస్తువు వరుసలోనే పోవాలి. అయితే అన్నని ఒకటి అడిగాను: "పైపుల అసలు ధరలో 500 తగ్గిస్తానన్నావా, కట్టే డబ్బులో 500 తగ్గిస్తానన్నావా?" ఎందుకంటే అసలు ధరలో 500 తగ్గితే కట్టే డబ్బు 590 తగ్గుతుంది. కట్టే డబ్బులోనే 500 అయితే తగ్గింపు గడిలో 423.73 వేయాలి. అసలు ధరలోనే అన్నాడు. సరే.

నేను మార్చిన షీట్ ఇది. D క్వాంటిటీ, E యూనిట్, F రేటు, G తగ్గింపు, H ట్యాక్స్ వేయాల్సిన విలువ, I శాతం. ప్రతి వరుసలో H ఇలా:

```
=D2*F2-G2
```

అడుగున ఒక్కో శాతానికి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ విడివిడిగా. 18 శాతం సరుకుకి సీజీఎస్టీ ఇది:

```
=ROUND(SUMIF(I2:I20,18,H2:H20)*9%,2)
```

ఒక జాగ్రత్త. I కాలమ్‌లో 18 అని వట్టి అంకె వేయండి. 18% అని కొడితే షీట్ దాన్ని 0.18 అనుకుంటుంది, SUMIFకి 18 దొరకదు, ట్యాక్స్ సున్నా వస్తుంది. ఎర్రగా ఏ హెచ్చరికా రాదు, అదే టెన్షన్. అందుకే 5 శాతం విలువ, 18 శాతం విలువ కలిపితే H మొత్తానికి సమానం కావాలని పక్కన ఒక గడి పెట్టాను.

లెక్క చూడండి. లేటరల్ 2000 మీటర్లు, 8 చొప్పున 16,000. పైపులు 15,000లో 500 పోగా 14,500. సొల్యూషన్ 750. మొత్తం 31,250. 5 శాతం వైపు 400, 400. 18 శాతం వైపు పైపులు, సొల్యూషన్ కలిపి విలువ 15,250 కాబట్టి 1,372.50, ఇంకో 1,372.50. ట్యాక్స్ అంతా 3,545. బిల్లు 34,795. టెంప్లేట్ 6,300 ఎక్కువ చూపించింది.

కొనేది, సరుకు చేరేది మన రాష్ట్రంలోనే కాబట్టి రెండు సగాలు. అదే సరుకు తడ దాటి చెన్నై వైపు కొనేవాడి దగ్గరికి పోతే ఐజీఎస్టీ ఒక్కటే, పూర్తి శాతం. ఈ టెంప్లేట్‌లో ఆ గడే లేదు. ఆటో బాడుగ ఈసారి కాంట్రాక్టరే ఇచ్చుకున్నాడు. షాపువాళ్లు బిల్లులో వేస్తే మాత్రం దాన్ని టోటల్ కింద ఊరికే కలపకూడదు, దాని మీదా ట్యాక్స్ ఉంటుంది.

నా మార్కులు: చూడ్డానికి ఎనిమిది, లెక్కకి రెండు. ఒకే శాతం సరుకు అమ్మే షాపు అయితే పాత శాతాలు తీసేసి వాడుకోండి. పైపులూ డ్రిప్పూ కలిపి అమ్మేవాళ్లకి వద్దు.

అన్న కొత్త బిల్లు పంపాడు. కాంట్రాక్టర్ ఒక్క ప్రశ్నే అడిగాడంట, "8 రూపాయలు మీటరుకే కదా?" అని. యూనిట్ గడి చూపించాక డబ్బు పంపేశాడు.