"నేను అనలేదు, కస్టమర్ అన్నాడు" అంటే సరిపోతుందా?

[స్క్రీన్ మీద: వాట్సాప్ మెసేజ్. "అన్నా, మీ నూనె వాడాక నాన్నగారికి షుగర్ 240 నుంచి 130కి వచ్చింది. చాలా థ్యాంక్స్."]

ఈ మెసేజ్‌తోనే వీడియో అంతా నడిపిస్తాను. ఒక గానుగ నూనె షాపు ఉందనుకోండి. ఓనర్‌కి ఈ మెసేజ్ వచ్చింది. నిజంగానే వచ్చింది, ఎవరితోనూ రాయించుకోలేదు. సంతోషంగా స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో, ఇన్‌స్టాలో, సీసా పక్కన ఫ్లెక్సీలో పెట్టేశాడు. "ఇది తప్పు కదా బాబాయ్" అంటే ఒకటే జవాబు: "నేను అనలేదు, కస్టమర్ అన్నాడు."

ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిరాకు.

కస్టమర్ తన ఫోన్ నుంచి మీకు పంపినంతవరకే అది ఆయన మాట. దాన్ని మీ సరుకు అమ్మడానికి వాడిన క్షణం అది మీ ప్రకటన. అందులోని ప్రతి మాటకూ మీరే జవాబుదారీ. నేను వాడే పరీక్ష చాలా సింపుల్. ఆ మెసేజ్ కింద కస్టమర్ పేరు తీసేసి మీ షాపు పేరు పెట్టండి. "మా నూనె వాడితే షుగర్ తగ్గుతుంది, ఇట్లు మీ గానుగ." ఇలా ఫ్లెక్సీ వేయించే ధైర్యం ఉందా? లేకపోతే కొటేషన్ గుర్తుల వెనక దాక్కున్నా అంతే.

"కానీ అది నిజమే కదా" అంటారు. షుగర్ తగ్గింది నిజమే కావచ్చు, నూనె వల్లే తగ్గిందని ఎవరు చెప్పారు? అదే నెలలో డాక్టర్ మాత్ర మార్చి ఉండొచ్చు, పెద్దాయన నడక మొదలుపెట్టి ఉండొచ్చు. రెండు వందల మంది కొంటే ఒక్కరి మెసేజ్ ఫ్లెక్సీకి ఎక్కింది. మిగతా 199 మంది సంగతి చూసేవాళ్లకు తెలీదు.

పైగా నూనె ఆహారం. ఫలానా జబ్బు నయమవుతుందని, తగ్గుతుందని, రాకుండా ఆపుతుందని అనుమతి లేకుండా ఆహారం గురించి ప్రకటించకూడదు. ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు జరిమానా పది లక్షల దాకా ఉండొచ్చు. అది ఆహార భద్రత చట్టం కింద. వేరే చట్టమూ ఉంది: 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కూడా మొదటిసారి పది లక్షలు, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా వేయగలదు. అంత వేస్తారా అంటే అవి గరిష్ఠాలు. అయినా నోటీసు వచ్చాక మనకి మిగిలేది టెన్షనే.

మరి ఆ కస్టమర్ దగ్గర్నుంచి ఏం వాడుకోవచ్చు? అదే ఇంటి నుంచి ఇంకో మెసేజ్ వచ్చిందనుకోండి: "పులిహోరలో పల్లీ వాసన భలే వస్తోంది." హాయిగా పెట్టుకోండి. అది రుచి గురించి ఆయన అభిప్రాయం. పంపినవారిని అడిగి పెట్టండి, అంతే. షుగర్ మాట మాత్రం, ఎంత ముద్దొచ్చినా, గ్యాలరీలోనే ఉంచండి.

ఇప్పుడు పోలిక. ఇదే గానుగాయన ఇంకో పోస్టర్ వేశాడు: "రిఫైండ్ నూనెలన్నీ విషం, మాది అమృతం." అమృతం అన్నది గొప్పలు చెప్పుకోవడం, దాన్ని కోర్టులు కొంతవరకు చూసీ చూడనట్టు వదిలేస్తాయి. చిక్కంతా విషం దగ్గరే. 1999లో కలకత్తా హైకోర్టు ముందుకు ఉజాలా ప్రకటన వచ్చింది. అందులో పోటీ నీలం మందు రాబిన్ బ్లూ పేరు పలకలేదు. కానీ చెడ్డదిగా చూపించిన సీసా ఆకారం దానిదే. పేరు చెప్పకపోయినా ఎవరినో గుర్తుపట్టేస్తున్నారు కదా, కోర్టు ఆ ప్రకటనను ఆపేసింది. నీ సరుకు గొప్పదని చెప్పుకో, పోల్చుకో, కానీ పక్కవాడిది చెడ్డదని చెప్పకు. ఆ తీర్పు సారం ఇదే.

మరి గానుగాయన ఏమనొచ్చు? "మా దగ్గర లీటరు పల్లీ నూనెకి సుమారు రెండున్నర కిలోల గింజలు పడుతున్నాయి." పల్లీల బిల్లులు, రోజువారీ రాబడి పుస్తకం చేతిలో ఉంటే ఎవరు అడిగినా చూపించొచ్చు. నాకైతే విషం, అమృతం కంటే ఈ లెక్కే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

"కొలెస్ట్రాల్ లేని నూనె" అని రాస్తారు చూడండి, నాకు భలే నవ్వొస్తుంది. మొక్కల నూనె దేంట్లోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. మీదొక్కటే అలాంటిదన్నట్టు రాస్తే మాట నిజమైనా కలిగించే అభిప్రాయం తప్పు. సహజంగానే ఉండదని చెప్తే గొడవ లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. ఫుడ్ వ్లాగర్‌కి ఉచితంగా రెండు సీసాలు పంపారా? డబ్బు ఇవ్వకపోయినా ఆ సంగతి వీడియోలో చెప్పాల్సిందే, అందరికీ కనిపించేలా. తెలుగులో పెద్దగా ఆఫర్ రాసి షరతులు మాత్రం ఇంగ్లిష్‌లో చీమ తలకాయంత అక్షరాల్లో పెట్టకండి. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతూ ఆ భాషలోనే ఉండాలని తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద వచ్చిన 2022 మార్గదర్శకాలు చెప్తున్నాయి.

ఇన్‌స్టా హైలైట్స్‌లో రెండేళ్ల కిందటి షుగర్ స్క్రీన్‌షాట్ ఇంకా ఉందేమో చూసుకోండి. పాతదే అయినా, కనిపిస్తున్నంతకాలం అది ప్రకటనే.