దుబాయ్ ఉద్యోగానికి "వీసా గ్యారంటీ" అంటున్నారా? డబ్బు కట్టకముందే లైసెన్సు, ఆఫర్ లెటర్ ఇలా చెక్ చేసుకోండి

అందరికీ నమస్కారం. ముందు స్క్రీన్ మీద ఉన్న ఈ వాట్సాప్ ప్రకటన ఒకసారి చదవండి.

(స్క్రీన్ మీద: నమూనా ప్రకటన)

"దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్లు కావలెను. జీతం 1,800 దిర్హమ్‌లు, వసతి ఫ్రీ. వీసా నూరు శాతం గ్యారంటీ, రాకపోతే డబ్బు వాపస్. సర్వీస్ ఛార్జీ 90,000 రూపాయలు. ఈ రోజే 20,000 కట్టినవాళ్లకే సీటు."

ఇది ఈ వీడియో కోసం తయారుచేసిన నమూనా. ఈ ఒక్క ప్రకటననే పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చెక్ చేద్దాం. చేతిలో ఫోను ఉంటే చాలు.

ముందు ఆ "గ్యారంటీ" సంగతి చూద్దాం. వీసా ఇచ్చేది యూఏఈ ప్రభుత్వం. ఏజెంట్ చేయగలిగింది కాగితాలు పెట్టించడం వరకే. అక్కడికి చేరాక మెడికల్ టెస్ట్ ఉంటుంది, అందులో ఫెయిలైతే రెసిడెన్సీ రాదు. దాన్ని ఏ ఏజెంటూ ఆపలేడు. మరి అంత ధైర్యంగా గ్యారంటీ ఎలా ఇస్తున్నాడు?

అసలు మోసం ఇక్కడే ఉంది. చాలా కేసుల్లో ఏజెంట్ ఆ మాట నిలబెట్టుకుంటాడు కూడా. వీసా నిజంగానే వస్తుంది. కాకపోతే అది విజిట్ వీసా. పర్యాటకులకు ఇచ్చే వీసా కాబట్టి తేలిగ్గానే వస్తుంది. "ముందు దీని మీద వెళ్లు, అక్కడ కంపెనీ వాళ్లు మార్చేస్తారు" అంటాడు. విజిట్ వీసా మీద పని చేయడం అక్కడ చట్టవిరుద్ధం. లేబర్ కాంట్రాక్ట్ ఉండదు కాబట్టి జీతం ఎగ్గొడితే చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. ఇక్కడేమో ఏజెంట్ "వీసా ఇప్పించానుగా" అని చేతులు దులుపుకుంటాడు. అందుకే ఎవరైనా గ్యారంటీ అన్నప్పుడు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఏ వీసా? ఎంప్లాయ్‌మెంటా, విజిటా? ఆ జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పుడు లైసెన్సు. మన దేశం నుంచి ఎవరినైనా విదేశీ ఉద్యోగానికి పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిక్రూటింగ్ ఏజెంట్‌గా రిజిస్టరై ఉండాలి. ఆఫీసు బోర్డు మీద "గవర్నమెంట్ రిజిస్టర్డ్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అడిగితే జీఎస్టీ సర్టిఫికెట్టో, కంపెనీ రిజిస్ట్రేషనో చూపిస్తారు. అవి ఏ వ్యాపారానికైనా ఉండేవే. మనుషుల్ని విదేశీ ఉద్యోగాలకు పంపే లైసెన్సు వేరు, అది విదేశాంగ శాఖ నుంచి రావాలి. ఇంకో మాట, స్టూడెంట్ వీసా కన్సల్టెన్సీలు ఈ చట్టం కిందికి రావు. కాబట్టి "మేం స్టూడెంట్లను కూడా పంపుతాం, మాకన్నీ ఉన్నాయి" అనేవాళ్ల దగ్గర ఉద్యోగాల లైసెన్సు విడిగా అడగండి.

(స్క్రీన్ మీద: emigrate.gov.in)

ఇది విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్. బ్రౌజర్‌లో ఈ అడ్రస్ మీరే టైప్ చేయండి. ఏజెంట్ పంపిన లింకు నొక్కొద్దు, ఎందుకంటే ఇదే పోలికతో నకిలీ సైట్లు తయారుచేయడం కష్టమేమీ కాదు. అడ్రస్‌లో మొదటి సింగిల్ స్లాష్‌కి ముందు, చుక్కతో సహా .gov.in అని ముగుస్తోందా చూడండి. లోపల రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. అందులో ఏజెన్సీ పేరుతో గానీ, లైసెన్సు నంబరుతో గానీ వెతకండి. నంబరు B అనే అక్షరంతో మొదలై, మధ్యలో స్లాష్‌లు పడుతూ పొడుగ్గా ఉంటుంది. ప్రకటనలో ఆ నంబరే లేకపోతే అది పెద్ద లోపం. మన నమూనాలో లేదు, గమనించారా?

సరే, అడిగితే నంబరు పంపాడు అనుకుందాం. వెతికితే దొరికింది కూడా. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మోసగాళ్లకు కావలసింది కూడా అదే. వేరే ఎవరిదో అసలైన లైసెన్సు నంబరు తీసుకొచ్చి తమ ప్రకటన మీద వేసుకుంటారు. అందుకని నంబరుతో పాటు ఇంకో మూడు చూడాలి. లైసెన్సు ఇప్పుడు అమల్లో ఉందా, గడువు ముగిసిందా, సస్పెండ్ అయిందా అన్నది ఒకటి. అక్కడున్న ఆఫీసు అడ్రస్, మీరు వెళ్లిన ఆఫీసు ఒకటేనా అన్నది రెండోది. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ప్రకటనలో ఉన్న ఫోనుకి కాకుండా, పోర్టల్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, "ఈ పేరుగల మనిషి మీ దగ్గర పనిచేస్తున్నాడా, దుబాయ్ ఎలక్ట్రీషియన్ల రిక్రూట్‌మెంట్ మీదేనా" అని అడగండి. ఒక్క ఫోన్ కాల్‌తో చాలా నాటకాలు బయటపడతాయి.

"నేను ఆ కంపెనీకి సబ్ ఏజెంట్‌ని" అని ఎవరైనా అంటే, చట్టంలో సబ్ ఏజెంట్ అనే హోదానే లేదు. ఊళ్లో తెలిసినవాడే కావచ్చు, మంచివాడే కావచ్చు, డబ్బు మాత్రం అతని చేతికి ఇవ్వొద్దు.

డబ్బు దగ్గరికి వచ్చాం కాబట్టి అదీ చూసేద్దాం. లైసెన్సు ఉన్న ఏజెంట్ మీ దగ్గర తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జీకి పరిమితి 30,000 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ 5,400. మొత్తం 35,400. దానికి రసీదు ఇచ్చి తీరాలి. మన నమూనాలో 90,000 అడిగాడు. అంటే లైసెన్సు అసలైనదే అయినా ఈ ఒక్క అంకెతోనే నిబంధన దాటాడు. కట్టేటప్పుడు లైసెన్సు ఉన్న ఏజెన్సీ పేరు మీదున్న బ్యాంకు ఖాతాకే కట్టండి. "మా బావమరిది ఫోన్‌పేకి కొట్టండి" అంటే అక్కడితో ఆపేయండి. ఒరిజినల్ పాస్‌పోర్ట్ కూడా అడుగుతారు. యూఏఈ ఎంట్రీ పర్మిట్ ఎలక్ట్రానిక్‌గా వస్తుంది, దానికి స్కాన్ కాపీ, ఫోటో చాలు. ఒరిజినల్ అతని బీరువాలోకి వెళ్లిందంటే, తర్వాత మీరు వద్దనుకున్నా దాన్ని విడిపించుకోవడానికి మళ్లీ డబ్బు అడుగుతాడు.

ఇప్పుడు ఆఫర్ లెటర్. రంగుల లెటర్‌హెడ్, గుండ్రటి స్టాంపు, కింద సంతకం ఉన్న పీడీఎఫ్ వస్తుంది. వీటిలో ఏదీ రుజువు కాదు, ఫోన్‌లోనే తయారుచేయొచ్చు. యూఏఈలో మామూలు ప్రైవేటు కంపెనీ ఒక కార్మికుణ్ణి తీసుకోవాలంటే, అక్కడి కార్మిక శాఖ, అంటే మోహ్రే, నిర్ణయించిన ఫారంలో జాబ్ ఆఫర్ ఇవ్వాలి. అది అరబిక్, ఇంగ్లీషులతో పాటు హిందీ, ఉర్దూ, తమిళం లాంటి భాషల్లో కూడా దొరుకుతుంది. చదవగలిగిన భాషలో అడిగి తీసుకోండి. దాని మీద ఉద్యోగం పేరు, బేసిక్ జీతం, అలవెన్సులు విడివిడిగా ఉంటాయి, ఒక ట్రాన్సాక్షన్ నంబరు కూడా ఉంటుంది.

(స్క్రీన్ మీద: mohre.gov.ae)

ఈ సైట్‌లో ఎంక్వైరీ సేవల్లోకి వెళ్లి ఆ నంబరు కొట్టండి. ఇక్కడ కూడా అడ్రస్ మీరే టైప్ చేయాలి. వివరాలు వస్తే మీ చేతిలో ఉన్న కాగితంతో అక్షరం అక్షరం పోల్చండి. కంపెనీ పేరు, మీ పేరు, ఉద్యోగం, జీతం అన్నీ కలవాలి. ఎలక్ట్రీషియన్ అని చెప్పి ఆఫర్‌లో క్లీనర్ అని ఉంటే, "అది పేపర్ మీద మాత్రమే" అనే మాట నమ్మొద్దు. అక్కడ చెల్లేది పేపరే.

జీతం అంకె దగ్గర కాస్త నిదానించండి. ఏజెంట్ 1,800 అన్నాడు. ఆఫర్‌లో బేసిక్ 800, మిగిలిన 1,000 ఓవర్‌టైమ్ కలిపి "రావొచ్చు" అన్న లెక్క అయి ఉండొచ్చు. సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్కేస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. బేసిక్ 800 అయితే ఏడాదికి 560 దిర్హమ్‌లు, 1,800 అయితే 1,260. ఓవర్‌టైమ్ రేటుకీ బేసిక్కే ఆధారం. అందుకే మొత్తం ఎంత అని కాదు, బేసిక్ ఎంత అని అడగాలి.

ఒక పరిమితి చెప్పాలి. ఫ్రీ జోన్‌లో ఉన్న చాలా కంపెనీలకు ఉద్యోగాల వ్యవహారం ఆ ఫ్రీ జోన్ అథారిటీయే చూస్తుంది. అలాంటి కంపెనీ ఆఫర్ మోహ్రే సైట్‌లో కనిపించకపోవచ్చు. అంతమాత్రాన అది నకిలీ అనలేం. కంపెనీ ఏ ఫ్రీ జోన్‌లో ఉందో అడిగి, ఆ అథారిటీ సైట్‌లో కంపెనీని వెతికి, అక్కడున్న నంబరుకి ఫోన్ చేయండి. ఏది ఫ్రీ జోనో కూడా చెప్పలేకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

చివరగా వీసా కాగితం. టికెట్ కొనకముందు ఎంట్రీ పర్మిట్ కాపీ చేతికి తీసుకుని మూడు చోట్ల చూడండి. వీసా రకం దగ్గర ఎంప్లాయ్‌మెంట్ అని ఉందా, టూరిస్ట్ లేదా విజిట్ అని ఉందా? వృత్తి దగ్గర ఆఫర్‌లో ఉన్న ఉద్యోగమే ఉందా? స్పాన్సర్ పేరు దగ్గర ఆఫర్ ఇచ్చిన కంపెనీ పేరే ఉందా? స్పాన్సర్ చోట ట్రావెల్స్ పేరు ఉందంటే అది విజిట్ వీసానే, ఏజెంట్ ఏం చెప్పినా సరే.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ సాధారణంగా ఈసీఆర్ రకం. వాళ్లు యూఏఈతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పంపితే ఈ రెండూ పోతాయి. పదో తరగతి దాటి ఈసీఎన్ఆర్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు క్లియరెన్స్ అక్కర్లేదు. సౌకర్యమే, కానీ మధ్యలో ప్రభుత్వం తరఫున కాగితాలు చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఈ చెకింగ్ అంతా మీరే చేసుకోవాలి.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే ఆలస్యం చేయొద్దు. ఆన్‌లైన్‌లో పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. లైసెన్సు ఉన్న ఏజెంట్ అయితే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుకి కూడా రాయండి. వాట్సాప్ చాట్ డిలీట్ చేయకుండా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, వాయిస్ మెసేజ్‌లతో సహా. ఏజెంట్ నంబరును కోపంతో బ్లాక్ చేయొద్దు. డబ్బు తిరిగి ఇస్తానని అతను పంపే ప్రతి మెసేజూ ఫిర్యాదులో సాక్ష్యమవుతుంది.