అప్రైజల్‌లో ఒక వాక్యం

అందరికీ నమస్కారం. ఆక్వా ల్యాబుల్లో ఇంటర్న్‌లకు అప్రైజల్ రాసే సూపర్‌వైజర్లు ఈ సభలో చాలామంది ఉన్నారు కాబట్టి, ఈమధ్య నేను రాసిన ఒక చిన్న కథ చెబుతాను.

భీమవరం దగ్గర ఒక ల్యాబ్. అక్కడ ఇంటర్న్‌గా చేరిన అమ్మాయి పని, తెల్లారగట్ట వనామీ చెరువుల్లో నీళ్ల నమూనాలు తీయడం. రాత్రంతా నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి. అందుకే సూర్యోదయానికి ముందే అది బాగా తగ్గిపోతుంది. సీసాను నీళ్లలోనే నింపి, బుడగ లేకుండా చూసి, గట్టుమీదే మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయోడైడు వేయాలి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టే. ఆక్సిజన్ తక్కువున్న నీళ్లలో గాలి బుడగ మిగిలితే రీడింగ్ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. ఆ రీడింగ్ నమ్మి రైతు ఏరేటర్లు ఆపితే రొయ్యలు తేలిపోతాయి.

మొదటి అప్రైజల్‌లో ఆమెకు ఈ వాక్యం కనిపించింది: "రీడింగ్ ఎక్కువ చూపడానికి సీసాలో బుడగ మిగలడమే కారణమని, అది ఈమె అజాగ్రత్త వల్లే జరిగిందని చెప్పడానికి ఆధారాలేవీ లేవు." 'జరిగిందని' దగ్గర లైను అయిపోయింది. ఆమె చదవడమూ అక్కడితో ఆగిపోయింది.

మర్నాటి నుంచి ప్రతి చెరువులో రెండేసి సీసాలు తీస్తోంది. "ఏమ్మా, ఏరేటర్లు పెంచమంటావా?" అని రైతు ఫోన్ చేస్తే, "సార్ చూసి చెప్తారండి" అంటోంది. సార్ వచ్చేసరికి తెల్లగా తెల్లారిపోతోంది. రిజిస్టర్‌లో జంట రీడింగులు చూసి సూపర్‌వైజర్ పిలిచారు.

"ఎందుకమ్మా ఇలా?"

"మీరే రాశారు కదా సార్, నా అజాగ్రత్తేనని."

ఆయన కాగితం తీసుకుని, వేలు పెట్టి చివరిదాకా చదివించారు. ఆ పిల్ల ఏడ్చేసింది.

కథ చదివిన కొందరు తప్పు అమ్మాయిదే అన్నారు. నేను ఒప్పుకోను. తెలుగు వాక్యంలో తీర్పు చివరన పడుతుంది. ఫిర్యాదు, అనుమానం, తీర్పు మూడూ ఒకే వాక్యంలో కుక్కితే, మొదటి అప్రైజల్ టెన్షన్‌లో ఉన్న పిల్లకి అనుమానమే తీర్పులా వినబడుతుంది. ఆ రీడింగుల్లో ఆమె తప్పు లేదని తేలినప్పుడు అసలా అజాగ్రత్త మాటే ఎత్తనక్కర్లేదు.

కథలో సూపర్‌వైజర్ ఆ వాక్యం కొట్టేసి ఇలా రాస్తారు: "ఈమె నమూనాలు సరిగానే తీసింది. ఒక రైతు రీడింగ్ ఎక్కువ వచ్చిందని ఫిర్యాదు చేశారు. రిజిస్టర్ చూశాం, ఈమె పొరపాటు కనిపించలేదు."

నిజంగా తప్పు జరిగి ఉంటే? అప్పుడు ఏ తేదీన, ఏ చెరువులో, ఏ సీసాలో బుడగ ఉందో రాయాలి. ఆ కాగితం ఆమె చేతిలో పెట్టి, పక్కన కూర్చుని చదివించాలి.