"రాయండి" అన్నాక ఇంకా ఏం చెప్పాలి?

అందరికీ నమస్కారం.

మీలో ఎక్కువమంది మందుల గోదాముల్లో సూపర్‌వైజర్లు, షిఫ్ట్ ఇన్‌చార్జులు. అందుకని ఈ గంటా ఒకే ఒక్క వాట్సాప్ మెసేజ్‌ని పట్టుకుని కూర్చుందాం. గోదాం గ్రూపుల్లో ఇలాంటిది మీరు చూసే ఉంటారు:

"కోల్డ్ రూమ్ టెంపరేచర్ రాయండి. రోజూ చెప్పాలా?"

ఇందులో తప్పేమిటంటే అందరూ రెండో వాక్యాన్నే చూపిస్తారు. అది దెప్పిపొడుపు, తీసెయ్యాల్సిందే. తీసేసినా మొదటి వాక్యంతో పని జరగదు. గ్రూపులో పదిమంది ఉన్నారు, వాళ్లలో ఎవరు రాయాలి? ఎన్ని గంటలకు? అంకె తేడాగా కనబడితే ఏం చెయ్యాలి? ఇవేవీ అందులో లేవు. పదిమందీ చదివి, మిగతా తొమ్మిదిమందిలో ఎవరో రాస్తారని ఊరుకుంటారు. సాయంత్రానికి గడి ఖాళీగా కనబడితే మీకు కోపం వస్తుంది, మర్నాటి మెసేజ్ ఇంకాస్త గట్టిగా వెళ్తుంది. గొంతు పెరుగుతుంది గానీ, లేని వివరం మాత్రం లేనట్టే ఉంటుంది.

మర్యాదగా మాట్లాడాలని ఎవరైనా చెప్పగానే అదే మెసేజ్ ఇలా తయారవుతుంది: "దయచేసి వీలు చూసుకుని టెంపరేచర్ సంగతి ఒకసారి చూస్తారా?" నన్నడిగితే ఇది మొదటిదానికంటే చెడ్డది. "వీలు చూసుకుని" అన్నాక గడువు లేదు. "సంగతి చూడటం" అంటే రాయడమా, డిస్‌ప్లే వైపు తలెత్తి చూడటమా తెలియదు. "చూస్తారా" అన్నది ప్రశ్న, దానికి "ఇవాళ కుదరదండీ" అని నిజాయితీగానే జవాబు చెప్పొచ్చు. కాదనే వీలు లేని పనిని ప్రశ్నలా అడిగితే, విన్నవాళ్లు దాన్ని ఐచ్ఛికం అనుకుంటారు, లేదా మీరు నటిస్తున్నారని పసిగడతారు. "ఈ ఆదివారం స్టాక్ లెక్కకు రాగలరా?" అనడం వేరు. రానన్నా మీకు ఫరవాలేదు కాబట్టి అక్కడ ప్రశ్నే సరైనది. అడిగాక, రానంటే ముఖం మాడ్చుకోకూడదు.

కాబట్టి క్రియను మెత్తబరచకండి. "రాయండి" అనే రూపంలోనే కావలసినంత గౌరవం ఉంది. "మనం రాసుకుందాం", "రీడింగ్ అయిపోవాలి" అనే మాటలు వినడానికి సౌమ్యంగా ఉంటాయి గానీ, రెండింటిలోనూ పని ఎవరిదో తెలియదు. అధికారం క్రియలోనూ అంకెల్లోనూ ఉంచి, గౌరవాన్ని మిగతా చోట్ల చూపించాలి. కారణం చెప్పడం, ఇబ్బంది ఉంటే చెప్పుకునే దారి ఇవ్వడం, గ్రూపులో కాకుండా ఆ మనిషికే చెప్పడం, ఇవే ఆ చోట్లు.

ఇప్పుడు అదే మెసేజ్‌ని ఒకే మనిషికి, పేరు పెట్టి, ఇలా రాద్దాం:

"ఈ వారం కోల్డ్ రూమ్ రీడింగ్ మీది. పొద్దున 9కి, సాయంత్రం 5కి డిస్‌ప్లేలో ఉన్న అంకె రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టండి. 2 డిగ్రీల కంటే తగ్గినా, 8 దాటినా ఆ గదిలోంచి సరుకు బయటికి పంపడం ఆపి, వెంటనే నాకు ఫోన్ చెయ్యండి. తగ్గడం కూడా ప్రమాదమే, ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. ఆ టైముకు లోడింగ్‌లో ఇరుక్కునేలా ఉంటే ముందే చెప్పండి, ఇంకొకరిని పెడతాను."

ఇందులో "దయచేసి" లేదు, బతిమాలడమూ లేదు. అయినా ఎవరూ దీన్ని హుకుం అనుకోరు.

కారణం ఒక్క వాక్యమే ఉందని గమనించారా? ఆ వాక్యం చేసే పని చాలా ఉంది. కోల్డ్ రూమ్ అనగానే ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకునేవాళ్లు ఎక్కువ. 9 కనబడితే కంగారుపడతారు, 0 కనబడితే సంతోషిస్తారు. ఇన్సులిన్, హెపటైటిస్ బి టీకా లాంటివి గడ్డకడితే తిరిగి కరిగినా పనికిరావు. ఆ సంగతి తెలిసిన మనిషి, మీరు చెప్పని సందర్భంలో కూడా సరిగ్గా నడుచుకుంటాడు. ఐస్ ప్యాక్‌ని ఇన్సులిన్ పెట్టెకు ఆనించి పెట్టడు. కారణం లేని ఆజ్ఞ మీరు ఊహించిన సందర్భం వరకే పనికొస్తుంది.

అయితే కారణం పని తర్వాత రావాలి, పొట్టిగా ఉండాలి. ముందే నాలుగు వాక్యాల కారణం చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది. "పైనుంచి ఆర్డర్, నేనేం చెయ్యను" అనేది అసలు కారణమే కాదు. ఆ మాటన్నాక ఎదుటివాళ్లకు మీతో పనేముంది?

పిలుపు గురించి కొంచెం. వయసులో పెద్దయిన లోడర్‌ని మీరు అంటూ, కుర్రాడిని నువ్వు అంటూ ఒకే గదిలో పని చెబితే, ఆ తేడా కుర్రాడు పనికంటే ముందు వింటాడు. పని చెప్పేటప్పుడు అందరికీ మీరే వాడటం సులువు. అన్నా, తమ్ముడూ, అమ్మా అనే పిలుపులు మీకు రోజూ అలవాటైతే బాగానే ఉంటాయి. ఓవర్‌టైమ్ కావాల్సిన రోజు మాత్రమే "అన్నా" అంటే అది ఎందుకొచ్చిందో వాళ్లకు తెలుసు.

చెప్పింది అర్థమైందా అని అడక్కండి, అవుననే అంటారు. మెసేజ్‌కి జవాబుగా పెట్టే బొటనవేలి గుర్తు కూడా చదివారనే చెబుతుంది, అంతే. "సాయంత్రం 1 డిగ్రీ చూపించిందనుకోండి, ముందు ఏం చేస్తారు?" అని అడగండి. సరుకు ఆపి ఫోన్ చేస్తానంటే సరే. "డోర్ కాసేపు తీసి ఉంచుతా" అంటే మీ మెసేజ్ ఇంకా చేరలేదని అర్థం.

ఇదంతా సమయం ఉన్నప్పుడు. ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తూ మనిషి మీదికి వెళ్తుంటే "ఆపు!" అని అరవాలి, కారణాలు తర్వాత. ప్రమాదంలో మెత్తని మాట ఎంత దూరం తీసుకెళ్తుందో విమానయానంలో చూశారు. 1990 జనవరిలో న్యూయార్క్ చేరాల్సిన అవియాంకా 52 విమానం ఇంధనం అయిపోయి కూలింది, 73 మంది చనిపోయారు. ఇంధనం అయిపోతోందని సిబ్బంది కంట్రోలర్లకు చెప్పారు గానీ, ఎమర్జెన్సీ అనే మాట మాత్రం వాడలేదు. అది ఆదేశాలిచ్చేవాళ్లకు చేరాల్సిన మాట, మనది ఆదేశాలిచ్చేవాళ్ల నుంచి వెళ్లేది. అయినా మెత్తదనం వల్ల తీవ్రత వినబడకుండా పోవడం రెండు దిక్కులా జరుగుతుంది.

చివరగా, ఇంత చెప్పినా ఒకరోజు సాయంత్రం గడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు వచ్చే మొదటి మాట, "రిజిస్టర్ ఎప్పుడూ ఫుల్‌గా ఉండాలి." ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన ఆజ్ఞ, ఎందుకంటే దాన్ని తప్పకుండా పాటిస్తారు. వారం తర్వాత రిజిస్టర్ తెరిస్తే వరసగా అన్ని గడుల్లో 5, ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, సంతకాలు కూడా ఒకే ఊపులో. యంత్రం అంకె రోజుకు కొంచెమైనా కదులుతుంది, కాబట్టి కదలని అంకె కనబడితే రిజిస్టర్‌ని నమ్మకండి. ఆ మనిషిని పక్కకు పిలిచి ఇలా అనండి: "నిన్న 5 గంటల రీడింగ్ లేదు. ఆ గడి ఖాళీగానే వదిలి, పక్కన కారణం రాసి, ఇవాళ్టి తేదీతో సంతకం పెట్టండి. ఏం అడ్డొచ్చిందో ఇప్పుడు నాకు చెప్పండి." లోడింగ్ అడ్డొచ్చిందంటే రీడింగ్ టైమన్నా మార్చండి, మనిషినన్నా మార్చండి.