ఫోన్లో పీపీటీ దిద్దడం: మెట్రోలో కూర్చుని ఏం మార్చాను, ఏం ముట్టుకోలేదు

నమస్తే అండి. ఈరోజు రివ్యూ ఆండ్రాయిడ్ ఫోన్‌లో పవర్‌పాయింట్ యాప్ గురించి. ఉన్న ఫీచర్లన్నీ చెప్పుకుంటూ పోను. మొన్న నాకు నిజంగా జరిగింది చెప్తాను, యాప్ ఎక్కడిదాకా పనికొచ్చిందో, ఎక్కడ చేతులెత్తేసిందో మీకే తెలుస్తుంది.

మియాపూర్‌లో మెట్రో ఎక్కాను. రాయదుర్గం దగ్గర విత్తనాల డీలర్లతో మీటింగ్, ఇంకా 50 నిమిషాల టైం ఉంది. ల్యాప్‌టాప్ ముందే వెళ్లిన కొలీగ్ దగ్గరుంది. అప్పుడు మా మేనేజర్ ఫోన్. "ఏడో స్లైడ్‌లో ఖరీఫ్ అమ్మకాలు 4.2 కోట్లని పెట్టావు కదా, అందులో వాపసొచ్చిన సంచులు తీసెయ్యలేదయ్యా. 3.8 అని మార్చెయ్." అంతే, పెట్టేశారు.

ఒక్క అంకె కదా అనుకుంటాం. ఫోన్‌లో ఇక్కడే బోల్తా పడేది. ల్యాప్‌టాప్‌లో అయితే పక్కన స్లైడ్లన్నీ వరసగా కనిపిస్తూ ఉంటాయి, ఎక్కడ ఏముందో కంట్లో పడుతుంది. ఫోన్‌లో ఒక్క స్లైడే పెద్దగా కనిపిస్తుంది, అది బాగుపడగానే పని అయిపోయిందనిపిస్తుంది.

అందుకే ముందు భూతద్దం గుర్తు నొక్కి 4.2 అని వెతికాను. రెండో స్లైడ్‌లో దొరికింది. ఏడో స్లైడ్ శీర్షికలోనూ దొరికింది. తర్వాత కాస్త ఆలోచించాను. పోయినేడు 3.2 కోట్లు. 4.2 అయితే పెరుగుదల 31 శాతం చిల్లర. 3.8 అయితే 18.75 శాతమే. అంటే 31 అని కూడా వెతకాలి. వెతికితే రెండో స్లైడ్‌లోనే ఇంకోచోట ఉంది. అయినా అనుమానం తీరక పదహారు స్లైడ్లూ ఒక్కొక్కటే వేలితో తోసుకుంటూ చదివాను. పద్నాలుగో స్లైడ్‌లో చూడండి, "ఈసారి దాదాపు మూడో వంతు పెరిగాం" అని నేనే రాసుకున్నాను! అక్షరాల్లో ఉన్నదాన్ని అంకెతో వెతికితే ఎలా దొరుకుతుంది? దాన్ని "దాదాపు 19 శాతం పెరిగాం" అని మార్చాను. స్లైడ్ కింద నోట్స్‌లో పాత లెక్క ఉందేమో అది కూడా తెరిచి చూసుకోండి. మీరు స్టేజీ మీద చూసి చదివేది దాన్నే. ఇంకొకటి, ఎవరో ఎక్సెల్ షీట్‌ని స్క్రీన్‌షాట్ తీసి అతికించి ఉంటే అది బొమ్మ, వెతుకులాటలో రాదు.

ఈ అక్షరాల పని వరకూ యాప్ బాగుంది. పైన పెన్సిల్ గుర్తు నొక్కి, పదం మీద రెండుసార్లు తట్టి, పాతది చెరిపి కొత్తది టైప్ చెయ్యడమే. ఒక్క జాగ్రత్త. వేలు కాస్త జారితే బాక్స్ మొత్తం పక్కకి జరుగుతుంది. జరిగిందని అనిపిస్తే చేత్తో సర్దకండి, పైన వెనక్కి తిరిగిన బాణం నొక్కండి. చేత్తో సర్దితే ఫోన్‌లో సరిగ్గానే కనిపిస్తుంది, ప్రొజెక్టర్ మీద పక్క బాక్సుతో పోలిస్తే వంకర బయటపడుతుంది.

ఇక చార్ట్. శీర్షికలో 3.8 అని మార్చాను, కింద బార్ మాత్రం 4.2 ఎత్తులోనే నిలబడి ఉంది. నా ఫోన్‌లోని యాప్‌లో చార్ట్ రంగు, తీరు మార్చుకోవచ్చు గానీ వెనకున్న లెక్కల షీట్ తెరిచే దారి లేదు. చాలామంది ఇక్కడ చేసే పని, బార్ మీద తెల్ల డబ్బా ఒకటి పెట్టి దానిమీద కొత్త అంకె రాయడం. నేనూ ఒకప్పుడు చేశాను. తర్వాత ఆ ఫైల్ అవతలివాళ్లకి పంపితే వాళ్లు డబ్బా పక్కకి జరిపి, "కింద ఇంకో లెక్క ఉందేంటండీ?" అన్నారు. ఆ మొహమాటం నాకింకా గుర్తుంది.

ఈసారి ఇలా చేశాను. కింద చిన్నగా కనిపించే ఏడో స్లైడ్ మీద వేలు నొక్కిపట్టి Duplicate కొట్టాను. పాతదాన్ని మళ్లీ నొక్కిపట్టి దాచేశాను, అంటే Hide. డిలీట్ చెయ్యలేదు, ఆ చార్ట్ సాయంత్రం నాకు కావాలి. కాపీలో చార్ట్ తీసేసి, ఆ ఖాళీలో మూడు లైన్లు రాశాను: ఈ ఖరీఫ్ 3.8 కోట్లు, పోయిన ఖరీఫ్ 3.2 కోట్లు, పెరుగుదల 18.75 శాతం. పెద్ద అక్షరాలు, బొమ్మలేవీ లేవు. డీలర్లు ఎవరూ "బార్ ఏది?" అని అడగలేదు.

దాచిన స్లైడ్ ప్రెజెంటేషన్‌లో రాదు కానీ ఫైల్‌లో ఉంటుంది, చార్ట్ వెనక పాత లెక్కతో సహా. కాబట్టి ఆరోజు ఫైల్ ఎవరడిగినా ఇవ్వలేదు, సాయంత్రం పంపుతానన్నాను.

ఇప్పుడు మన తెలుగు గోల. పన్నెండో స్లైడ్ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. గుండె ఝల్లుమంది, ఫైల్ పాడైపోయిందని. కాలేదు. ఆ పేరా పాత కరపత్రం నుంచి తెచ్చింది, అను ఫాంట్‌లో ఉంది. అను యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ లేని చోట అలాగే కనిపిస్తుంది. కొలీగ్ ల్యాప్‌టాప్‌లో ఫాంట్ ఉంది కాబట్టి అక్కడ శుభ్రంగా తెలుగే వస్తుంది. ఆ స్లైడ్ ముట్టుకోకూడదు. ఫోన్ కీబోర్డుతో అందులో ఒక్క తెలుగు మాట చేర్చినా రెండు రకాల తెలుగు కలిసి అతుకుల బొంత అవుతుంది.

యూనికోడ్ స్లైడ్లకీ చిన్న తిరకాసు ఉంది. ల్యాప్‌టాప్‌లో నిర్మలా యూఐలోనో గౌతమిలోనో పెట్టింది, ఆ ఫాంట్ ఫోన్‌లో లేకపోతే వేరే తెలుగు ఫాంట్‌లో కనిపిస్తుంది. అక్షరం వెడల్పు మారి లైన్లు విరుగుతాయి, చివరి లైన్ బాక్స్ దాటిపోతుంది. అది చూసి సైజు తగ్గించారనుకోండి, ల్యాప్‌టాప్‌లో చీమ తలకాయలంత అయిపోతుంది. నాకు మూడు స్లైడ్లు అలా కనిపించాయి. చెయ్యి దురద పెట్టింది కానీ వదిలేశాను. మీటింగ్‌లో మూడూ చక్కగా ఉన్నాయి.

అమీర్‌పేటలో రైలు మారేటప్పటికి మార్పులు అయిపోయాయి. మిగిలింది సేవ్. మా ఫైల్ వన్‌డ్రైవ్‌లో ఉంది కాబట్టి దానంతటదే సేవ్ అవుతుంది. కానీ సిగ్నల్ తగ్గితే మార్పు ఫోన్‌లోనే ఆగిపోవచ్చు. నా స్క్రీన్ మీద 3.8 కనిపిస్తే సరిపోదు. కొలీగ్‌కి ఫోన్ చేసి, "రెండు, ఎనిమిది, పదిహేను స్లైడ్లు తెరిచి అంకెలు చదువు" అన్నాను. పాత ఏడో దాని కాపీ ఇప్పుడు ఎనిమిదోది, పాత పద్నాలుగోది పదిహేనోది కదా. తను చదివాకే టెన్షన్ తగ్గింది.

మీ ఫైల్ వాట్సాప్‌లో వచ్చిందైతే కథ వేరు. చాట్‌లోంచి నేరుగా తెరిస్తే సాధారణంగా మార్పులు ఆ ఫైల్‌లో సేవ్ కావు, కాపీ చేసుకోమంటుంది. కాపీ చేసి దిద్దుతాం, తర్వాత హడావిడిలో చాట్‌లో ఉన్న పాతదాన్నే ఫార్వర్డ్ చేస్తాం. అందుకే కాపీ పేరులోనే టైం పెట్టండి, dealers_1040 అన్నట్టు. అవతలివాళ్లకి కూడా "పది నలభైది తెరువు" అని చెప్పడం తేలిక.

రేటింగ్ అడుగుతారు కదా. అక్షరాలు, అంకెలు, స్లైడ్ దాచడం: పదికి తొమ్మిది. చార్ట్ లెక్కలు: సున్నా. అమరిక, ఫాంట్లు, స్లైడ్ మాస్టర్, యానిమేషన్: మార్కులు వెయ్యను, ఫోన్‌లో వాటి జోలికే పోలేదు.

రాయదుర్గంలో దిగుతూ నాకు నేనే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టుకున్నాను: "7 చార్ట్ లెక్క మార్చాలి, 7 బయటికి తియ్యాలి, 8 తీసెయ్యాలి, 12 యూనికోడ్‌లో మళ్లీ టైప్ చెయ్యాలి." సాయంత్రం ల్యాప్‌టాప్‌లో చార్ట్ మీద రైట్ క్లిక్ చేసి Edit Data నొక్కి, ఒక గడిలో 3.8 కొట్టాను. బార్ దానంతటదే కిందికి దిగింది. పన్నెండో స్లైడ్ మాత్రం ఇంకా అలాగే ఉందండి, ఆ పేరా పెద్దది.