రేడియేటర్ మీది అంకెలు, అల్మరా వెనక బూజు

విద్యార్థి మిత్రులారా,

పరాయి దేశంలో అద్దె ఫ్లాట్‌లో గడిపిన నా మొదటి చలికాలంలో రెండు సంగతులు నాకు అంతుబట్టలేదు. వేడినీటితో గదిని వెచ్చబెట్టే రేడియేటర్ పక్కనున్న డయల్ మీద 1 నుంచి 5 వరకు ఉన్న అంకెలు ఏమిటన్నది ఒకటి, అల్మరా వెనక గోడ ఎందుకు నల్లబడిందన్నది రెండోది. మొదటిదాన్ని సరిగా వాడకపోవడం రెండోదానికి సగం కారణమని ఆలస్యంగా తెలిసింది.

ఆ డయల్‌ను నేను కుళాయి అనుకున్నాను. పొద్దున వెళ్తూ పూర్తిగా కట్టేసేవాణ్ణి, సాయంత్రం వణుకుతూ వచ్చి 5కు తిప్పేవాణ్ణి. నిజానికి అందులోని మైనమో ద్రవమో గది గాలి వెచ్చబడేకొద్దీ వ్యాకోచించి వేడినీటి దారిని మూస్తుంది; ఎంత వెచ్చబడ్డాక మూయాలన్నదే అంకె చెబుతుంది. చాలా డయళ్లలో 3 అంటే సుమారు 20 డిగ్రీలు, ఒక్కో అంకెకు మూడు నాలుగు డిగ్రీల తేడా. అందుచేత 5 పెట్టినంత మాత్రాన గది త్వరగా 20కి చేరదు, చేరాక ఆగదు, అంతే. గది వెచ్చబడ్డాక రేడియేటర్ చల్లబడితే అది చెడిపోయినట్టు కాదు. డయల్ మీద మందపాటి కర్టెన్ వేలాడుతుంటే మాత్రం, దాని వెనక చిక్కిన వేడిని గది వేడిగా భ్రమించి ముందే మూసేస్తుంది.

ఇక గోడ సంగతి. తడిబట్టలు గదిలోనే ఆరేసేవాణ్ణి. తేమమాపకం ఒకటి కొని చూస్తే 20 డిగ్రీల దగ్గర 60 శాతం చూపింది. భయపడాల్సిన అంకె కాదనిపిస్తుంది, కానీ అల్మరా అడ్డం వల్ల వేడి చేరని బయటి గోడ 15 డిగ్రీలకు పడిపోతే, అదే గాలి అక్కడ 80 శాతానికి పైగా తేమగా మారుతుంది. బూజుకు అది చాలు, గోడ మీద నీటిచుక్క కనబడనక్కర్లేదు. పగలంతా రేడియేటర్ కట్టేయడం వల్ల ఆ గోడ మరింత చల్లబడేది.

తర్వాత బయటికి వెళ్లేటప్పుడు డయల్‌ను 2 దగ్గర ఉంచాను, అల్మరాను గోడ నుంచి బెత్తెడు ముందుకు జరిపాను, రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు బార్లా తెరిచి పది నిమిషాలు ఉంచాను. తెరిచేముందు డయల్‌ను 1 కన్నా కింద ఉండే మంచు గుర్తుకు తిప్పాలి, లేకపోతే మీద పడే చలిగాలికి వాల్వ్ పూర్తిగా తెరుచుకుంటుంది. బయట వాన పడుతున్నా తెరవవచ్చు: సున్నా డిగ్రీల గాలి ఎంత తడిదైనా, గదిలోకి వచ్చి 20కి వెచ్చబడితే దాని తేమ 30 శాతం లోపే ఉంటుంది. మూసిన గంటకు మాపకం మళ్లీ కొంత పైకెక్కితే కంగారుపడకండి. అది గోడలు, పరుపు, బట్టలు వదిలే చెమ్మ.

ఇంత చేసి, మాపకం వారాల తరబడి 50 దగ్గరే ఉన్నా మరక పెరుగుతుంటే, ముఖ్యంగా వాన పడ్డాక పెరుగుతుంటే, అది మీ ఊపిరి చెమ్మ కాదు, గోడలోకో పైపులోంచో నీరు దిగుతోందని అనుమానించాలి. అప్పుడు తేదీ వేసిన ఫొటోలతో, రాసుకున్న రీడింగులతో ఇంటి యజమానికి ఉత్తరం రాయండి.