మా స్నేహితుల డేటింగ్ ప్రొఫైళ్ళ రోస్ట్: నంది హిల్స్ ఫొటో నుంచి లేపాక్షి దాకా

నమస్కారం. ఈ రోజు రివ్యూకు వచ్చినవి మా స్నేహితుల హింజ్ ప్రొఫైళ్ళు. అందరూ బెంగళూరులోనే ఉంటారు, అందరూ ఒప్పుకున్నాకే కెమెరా పెట్టాం. ఒకటే నియమం: టైప్ చేసి మార్చుకోగలిగిన దాని మీదే మాట. ముఖం, రంగు, ఎత్తు, జుట్టు ఎవరూ టైప్ చేసుకోలేరు కాబట్టి వాటి జోలికి వెళ్ళం.

ముందు మా రూమ్మేట్‌ది. ఆ యాప్‌లో ఆరు ఫొటోలు, మూడు ప్రశ్నలకు జవాబులు ఉంటాయి. ఒక్కో జవాబుకు 150 అక్షరాలే చోటు. అంత చిన్న చోటులో ఇతను రాసింది చూడండి: "ప్రయాణాలంటే ప్రాణం. కాఫీ, సంగీతం, మంచి మనుషులు."

"చెడ్డ మనుషులు కావాలని ఎవరైనా రాస్తారా?" అని మా స్నేహితురాలు అడిగేసరికి అతనే ముందు నవ్వాడు. పైగా నంది హిల్స్ మీద సూర్యోదయం చూస్తూ, వెనక్కి తిరిగి నిలబడ్డ ఫొటో. ఈ ఊళ్ళో ఆ ఫొటో లేని ప్రొఫైల్ కోసం వెతుక్కోవాలి!

అయితే నవ్వి వదిలేస్తే అతనికి ఒరిగేదేమీ లేదు. క్లీషే కనిపించిన చోటల్లా ఒక ప్రశ్న వేయాలి. ఈమధ్య ఎక్కడికి వెళ్ళావు, అక్కడ ఏం చేశావు అని అడిగాం. లేపాక్షి వెళ్ళాడట. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగాడట. ఇంత మంచి సంగతి ప్రొఫైల్‌లో ఎందుకు లేదయ్యా! అక్కడే కూర్చుని ఇలా మార్చుకున్నాడు: "నంది హిల్స్ అందరూ చూశారు. లేపాక్షి నందిని చూద్దామా? వేలాడే స్తంభం కింద దూర్చడానికి తువ్వాలు నేను తెస్తాను." 150 అక్షరాల్లో సరిపోయింది. ఆ యాప్‌లో ఫలానా జవాబును ఎంచుకుని దానికే వ్యాఖ్య రాయవచ్చు. "కాఫీ ఇష్టం" అంటే "నాకూ" అని తప్ప ఏం రాస్తారు? తువ్వాలు గురించైతే ఏదైనా అడగవచ్చు.

తరువాత మా స్నేహితురాలిది: "నన్ను నవ్వించగలిగితే చాలు." ఇది చదివినవాళ్ళకు పరీక్ష పెట్టినట్టుంది, ఆమె గురించి ఒక్క ముక్క లేదు. చివరిసారి దేనికి నవ్వావు అని అడిగాం. వాళ్ళ నాన్నగారు వీడియో కాల్‌లో నుదురు మాత్రమే చూపిస్తూ అరగంట మాట్లాడతారట. ఇక వేరే వాక్యం ఎందుకు?

మధ్యలో ఒకరు ఫొటోలో గడ్డం మీద మాట మొదలుపెట్టారు. అక్కడికక్కడే ఆపాం, ఆ భాగం వీడియోలో ఉండదు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. వివరం కావాలని అపార్ట్‌మెంట్ పేరో, రోజూ వెళ్ళే జిమ్ పేరో రాయకండి. కొత్త వాక్యం మీ స్నేహితులు తయారుచేసి ఇవ్వడం కూడా నాకు నచ్చదు. చాటింగ్ మొదలయ్యాక ఆ గొంతుతో మాట్లాడాల్సింది ప్రొఫైల్ పెట్టినవాళ్ళే కదా.

మీ ప్రొఫైల్‌లోని ఒక్క వాక్యం, పేరు లేకుండా, కింద రాయండి. వచ్చే వీడియోలో వాటికి ప్రశ్నలు వేస్తాం.